రాత్రి 9 అయితే చాలు సర్వర్ పడకేస్తోంది: పక్కవాడి గోలా, నా తప్పా?

మందుల_బిల్లు

మెడికల్ షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాను. వరంగల్, ఖమ్మం వైపు 60 షాపులు. అన్నీ ఒకే వీఎం మీద: 2 వీసీపీయూ, 4 జీబీ, పోస్ట్‌గ్రెస్ కూడా అందులోనే. ప్రొవైడర్ పేరు ఎందుకులెండి, చవగ్గా వీపీఎస్ ఇచ్చే వాళ్లు.

పగలంతా బిల్లు అర సెకనులో వస్తుంది. రాత్రి 9 నుంచి పదిన్నర దాకా మాత్రం 6, 8 సెకన్లు. క్లినిక్కులు మూసే టైము, కౌంటర్ దగ్గర జనం, సరిగ్గా అప్పుడే. నిన్న ఒక షాపాయన ఫోన్ చేసి "నీ కంప్యూటర్ కంటే నా చేతిరాతే నయం" అన్నాడు. ఆయన చేతిరాత నేను చూశాను, అందుకే ఎక్కువ బాధ.

సపోర్ట్‌కి మూడు టికెట్లు పెట్టా. మూడింటికీ ఒకటే జవాబు: మా వైపు అంతా నార్మల్, మీ అప్లికేషన్ చూసుకోండి. నిన్న 9:20కి vmstat తీస్తే ఇలా ఉంది (అక్కర్లేని కాలమ్స్ తీసేశాను):

```
$ vmstat 5
 r  us sy id wa st
 7  41  8 10  1 40
 9  38  9  6  1 46
 5  44  7 13  1 35
```

ఆ చివరి st, అదే స్టీల్, అంటే పక్కవాడు మన సీపీయూ తినేయడమే అని ఎక్కడో చదివా. నిజమేనా? నిజమైతే వాళ్లకి ఎలా చూపించాలి?

రూట్_రాజు

చూపించడానికి ఏముంది బ్రో. st 10 దాటితే పక్కవాడే. నీది 40. ఇంకా అక్కడే ఎందుకున్నావ్? డెడికేటెడ్ తీసుకో, అయిపోతుంది.

స్టీలు_సామాను

టైటిల్ చూడకుండా లోపలికొచ్చా. స్టీల్ 40 అంటే గిన్నెల కొట్టు థ్రెడ్ అనుకున్నా.

పాత_కెర్నల్

రాజు చెప్పింది సగం కరెక్ట్. st అంటే మీ వీఎం "నాకు పని ఉంది, సీపీయూ ఇవ్వు" అని నిలబడి ఉన్నా హైపర్‌వైజర్ ఇవ్వని సమయం. ఎందుకు ఇవ్వలేదో ఆ అంకె చెప్పదు. రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, అదే మెషీన్ మీద ఉన్న ఇతర వీఎంలు కూడా అప్పుడే అడుగుతున్నాయి, కోర్లు చాలట్లేదు. రెండు, మీ ప్లాన్‌కి ప్రొవైడర్ ఒక హద్దు పెట్టాడు, మీరు దాన్ని దాటబోతే ఆపుతున్నాడు. పక్కన ఎవరూ లేకపోయినా ఆపుతాడు. లోపల నుంచి చూస్తే రెండూ st గానే కనిపిస్తాయి.

తేడా పట్టాలంటే అంకె ఒక్కటే చాలదు, అది ఎలా కదులుతోందో చూడాలి. హద్దు వల్ల అయితే us, sy కలిపి ఒక దగ్గర గీత గీసినట్టు ఆగిపోతాయి, మీ లోడ్ ఎంత పెరిగినా ఆ గీత పైకి పోవు. అది గడియారం చూసి రాదు, మీరు ఎంతసేపు వాడారన్నదాన్ని బట్టి వస్తుంది. పక్కవాళ్ల వల్ల అయితే st ఎగుడుదిగుడుగా ఉంటుంది. మీ పని అంతే ఉన్నా ఒక గంటలో ఎక్కువ, ఇంకో గంటలో తక్కువ.

మీ మూడు లైన్లలో us+sy 49, 47, 51. గీతలా ఉందా, గంతులేస్తోందా? 15 సెకన్లు చూసి ఎవరూ చెప్పలేరు. మూడు రోజుల లాగ్ కావాలి.

```
while true; do
  echo "$(date '+%F %T') $(head -1 /proc/stat)" >> steal.log
  sleep 10
done
```

`cpu` అనే మాట తర్వాత ఎనిమిదో అంకె స్టీల్. సెకనులో వందో వంతు లెక్కన పెరుగుతూ పోతుంది. మీకు 2 వీసీపీయూ కాబట్టి 10 సెకన్లలో మొత్తం 2000 టిక్కులు. వరుస లైన్ల మధ్య ఆ అంకె 800 పెరిగితే అది 40 శాతం.

వైఫై_వెంకట్

మా ఇంట్లో కూడా సేమ్, రాత్రి 9 అయితే స్లో. రౌటర్‌లో చానల్ మార్చాక సెట్ అయింది. ట్రై చేయండి.

స్టీలు_సామాను

వెంకట్ గారూ, ఆయన సర్వర్‌కి రౌటర్ చానల్ మారిస్తే పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు బాగుపడతారు.

అమీర్‌పేట_అను

పాత_కెర్నల్ గారు చెప్పిన రెండో రకం నాకు జరిగింది, పరువు పోయిన కథ.

ఏడబ్ల్యూఎస్ t2.medium మీద మా టెస్ట్ సర్వర్ ఉండేది. రోజు విడిచి రోజు మధ్యాహ్నం మూడింటికి చచ్చుబడేది, st 75, 80. పక్కవాడెవడో బిట్‌కాయిన్ తవ్వుతున్నాడని వారం రోజులు టీమంతా కలిసి తిట్టాం. తీరా చూస్తే మా క్రెడిట్లు అయిపోతున్నాయి. ఆ సైజుకి గంటకి 24 క్రెడిట్లు వస్తాయి, 576 దాకా నిల్వ ఉంటాయి. ఒక క్రెడిట్ అంటే ఒక వీసీపీయూని ఒక నిమిషం పూర్తిగా వాడటం. రెండు వీసీపీయూలూ ఫుల్‌గా నడిపితే గంటకి 120 ఖర్చు, 24 ఆదాయం, అంటే నికరంగా 96 పోతాయి. డబ్బా నిండుగా ఉన్నా ఆరు గంటల్లో ఖాళీ. మా వాళ్లెవరో ఉదయం 9కి ఫొటోల సైజు మార్చే జాబ్ మొదలెట్టేవారు. 9 ప్లస్ 6, మూడు.

అయిపోయాక ఒక్కో వీసీపీయూకి 20 శాతమే. us, sy కలిపి సరిగ్గా 20 దగ్గర నిలబడేది. అదే ఆయన చెప్పిన గీత. బిట్‌కాయిన్ వాడు లేడు, ఉన్నది మా ఇంటర్న్.

రూట్_రాజు

అది బర్స్టబుల్ అక్కా, అందులో క్రెడిట్లు ఉంటాయని డాక్యుమెంట్‌లోనే ఉంది. ఈయనది మామూలు వీపీఎస్. వాటిలో క్రెడిట్లు ఉండవు.

అమీర్‌పేట_అను

క్రెడిట్లు అని పేరు పెట్టకపోవచ్చు. "ఫెయిర్ యూసేజ్" అని నిబంధనల్లో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మందుల_బిల్లు గారూ, మీ ప్లాన్ పేజీలో "షేర్డ్ వీసీపీయూ" అని ఉందా?

మందుల_బిల్లు

"హై పెర్ఫార్మెన్స్ వీసీపీయూ" అని ఉంది అండి. షేర్డ్ అన్న మాటా లేదు, డెడికేటెడ్ అన్న మాటా లేదు.

లాగ్ మొదలుపెట్టాను.

ర్యాక్_నంబర్_7

ఏ మాటా లేకపోతే షేర్డే. ఒక చిన్న హోస్టింగ్ కంపెనీలో నాలుగేళ్లు చేశాను కాబట్టి అవతలి వైపు ఎలా ఉంటుందో చెప్తా.

మా దగ్గర ఒక్కో మెషీన్‌లో 64 థ్రెడ్లు ఉండేవి. దాని మీద 240, 250 వీసీపీయూలు అమ్మేవాళ్లం. మోసం అనకండి, ఆ వ్యాపారమే అంత. చాలా వీఎంలు రోజంతా నిద్రపోతాయి, ఎవడిదో బ్లాగు, ఎవడో కొని మరిచిపోయిన టెస్ట్ సర్వర్. మామూలుగా ఆ మెషీన్ 35 శాతం కూడా దాటదు. అందుకే మీకు అంత చవగ్గా వస్తోంది. మెమరీ మాత్రం అలా అమ్మేవాళ్లం కాదు. సీపీయూ చాలకపోతే నెమ్మదిస్తుంది, మెమరీ చాలకపోతే పడిపోతుంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, అందరూ ఒకేసారి లేచినప్పుడు. మున్సిపల్ నీళ్లు వదలగానే వీధిలో అందరూ మోటార్లు వేసినట్టు. మా గ్రాఫుల్లో ప్రతి గంటకీ 00 నిమిషం దగ్గర ఒక ముల్లు లేచేది, అందరి క్రాన్ జాబులూ అప్పుడే కాబట్టి. రాత్రి 9 కూడా అలాంటిదే, షాపులు కట్టేసి రోజు లెక్క తీసే సాఫ్ట్‌వేర్లు చాలానే ఉంటాయి. మీలాంటి వాళ్లే ఇంకో ముగ్గురు అదే మెషీన్ మీద ఉన్నారేమో. వాళ్లకి మీరే పక్కింటి గోల.

ఇక "మా వైపు నార్మల్" సంగతి. ఆ జవాబిచ్చే మనిషికి కనిపించేది మెషీన్ మొత్తం మీద అయిదు నిమిషాల సగటు. అది 85 చూపిస్తే అతనికి పచ్చరంగే. అబద్ధం ఆడట్లేదు, అతని స్క్రీన్ మీద మీ స్టీల్ కనిపించదు.

రూట్_రాజు

64కి 250 అమ్మి మోసం కాదంటున్నావ్, గ్రేట్.

ర్యాక్_నంబర్_7

బస్సులో సీట్ల కంటే పాసులు ఎక్కువ ఇస్తారు కదా రాజూ. అందరూ ఒకే బస్సు ఎక్కరన్న లెక్క.

రూట్_రాజు

పొద్దున ఎనిమిదిన్నరకి ఎక్కుతారు. ఇప్పుడు ఈయన బాధ అదే.

కుబేర్_కిట్టు

నాదొక డౌట్. మాది పెద్ద క్లౌడే, కుబెర్నెటిస్. st ఎప్పుడూ 0. అయినా ఒక సర్వీసు వందలో రెండు రిక్వెస్టులకి 100 మిల్లీసెకన్ల దాకా అదనంగా తీసుకుంటోంది. నోడ్ సగం ఖాళీగానే ఉంది. పక్క పాడ్ గోల అనుకుంటున్నా. పక్క టీమ్‌తో గొడవ కూడా అయింది.

పాత_కెర్నల్

కిట్టూ, గొడవ ఆపి ముందు కంటెయినర్ లోపల `/sys/fs/cgroup/cpu.stat` చూడు. లిమిట్ ఎంత పెట్టావ్, ఎన్ని థ్రెడ్లు?

కుబేర్_కిట్టు

లిమిట్ 1 సీపీయూ. జావా, 8 థ్రెడ్లు.

```
nr_periods 41210
nr_throttled 17882
throttled_usec 903418822
```

పాత_కెర్నల్

పక్క టీమ్‌కి టీ ఇప్పించు. లిమిట్ 1 అంటే నీకు ఒక కోర్ కేటాయించడం కాదు. ప్రతి 100 మిల్లీసెకన్లకీ 100 మిల్లీసెకన్ల సీపీయూ సమయం ఇస్తారు. 8 థ్రెడ్లు ఒకేసారి లేస్తే ఆ కోటా పన్నెండున్నర మిల్లీసెకన్లలో అయిపోతుంది. మిగతా 87 నోడ్ ఖాళీగా ఉన్నా నువ్వు కట్టేసి ఉంటావ్. 41 వేల పీరియడ్లలో 17 వేల పైన అలా ఆగావు. ఈ ఆపడం వీఎం లోపల కెర్నల్ చేస్తోంది కాబట్టి st లో రాదు.

లిమిట్ పెంచు, లేదా థ్రెడ్లు తగ్గించు. లిమిట్ పూర్తిగా తీసేసి రిక్వెస్ట్ మాత్రం ఉంచేవాళ్లూ ఉన్నారు. నేనైతే మన టీముల మధ్య తీసేస్తాను, బయటి కస్టమర్ల మధ్య తీయను.

కుబేర్_కిట్టు

లిమిట్ 3 చేశా. ఆ రెండు శాతం మాయం. టీ కాదు గురువుగారూ, బిర్యానీ అడుగుతున్నారు.

మందుల_బిల్లు

మూడు రోజుల లాగ్ వచ్చింది. శుక్ర, శనివారాలు రాత్రి 9 నుంచి 10:30 దాకా st 30 నుంచి 45 మధ్య గంతులు. గీత ఏమీ లేదు. ఆదివారం అదే టైముకి 2, 3 మాత్రమే. ఆదివారం సాయంత్రం మా షాపులు చాలావరకు బంద్. అంటే పక్కవాడికి కూడా ఆదివారం సెలవే అన్నమాట. కేసు క్లోజ్ కదా?

పాత_కెర్నల్

క్లోజ్ కాదు, ఇక్కడే చాలామంది జారిపడతారు. ఆదివారం మీ వీఎం సీపీయూ అడగలేదు. అడగనివాడికి ఇవ్వకపోవడం అనేదే ఉండదు, కాబట్టి st పెరగదు. మెషీన్ నిండా జనం ఉన్నా ఖాళీగా కూర్చున్న వీఎంలో అది సున్నా దగ్గరే ఉంటుంది. ఆదివారం 2 వచ్చిందంటే పక్కవాడు ఉన్నాడో లేడో ఏమీ తెలియదు.

ఎప్పుడూ ఒకే కొలత పని ఇచ్చి చూడాలి. దీన్ని రెండు కాపీలు ఒకేసారి నడపండి, వీసీపీయూకి ఒకటి చొప్పున. ఒకసారి తెల్లవారుజాము 3కి, ఒకసారి షాపులు లేని టైములో రాత్రి 9:15కి.

```
time sh -c 'i=0; while [ $i -lt 3000000 ]; do i=$((i+1)); done'
```

ఇంకోటి. 3 గంటలప్పుడు దీన్నే తిప్పి తిప్పి నలభై నిమిషాలు నడపండి. మధ్యలో ఎక్కడైనా ఒక్కసారిగా నెమ్మదిస్తే అను గారి కథ, అంటే హద్దు ఉన్నట్టు.

అమీర్‌పేట_అను

ఇది నాకూ తెలీదు. మా డ్యాష్‌బోర్డులో ఖాళీ వీఎంల స్టీల్ కూడా కలిపి సగటు చూపిస్తున్నాం. రేపు తీసేయాలి.

సందేహం_శ్రీను

మధ్యలో దూరుతున్నా. సీపీయూ పంచుకుంటున్నారు సరే, పక్కవాడు మన డేటా చూడగలడా? మందుల బిల్లులు అంటే పేషెంట్ల పేర్లు కూడా ఉంటాయి కదా.

పాత_కెర్నల్

అది వేరే గోడ. గోల చేయడానికి ఉన్నంత సులువుగా చూడటానికి ఉండదు. మెమరీని ప్రాసెసర్ విడదీస్తుంది, మీ వీఎంకి కేటాయించని పేజీని మీరు చదవలేరు. కానీ 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ బయటపడ్డాక ఆ గోడకి సన్నటి పగుళ్లున్నాయని తేలింది. అదే ఏడాది ఆగస్టులో ఎల్1టీఎఫ్ అనే ఇంకో పగులు బయటపడింది. అందులో ముఖ్యంగా ఇబ్బంది హైపర్‌థ్రెడింగ్‌తో. ఒక కోర్‌లో రెండు థ్రెడ్లు ఉంటాయి, రెండూ ఒకే ఎల్1 క్యాష్ వాడతాయి. ఒక థ్రెడ్ మీకు, ఇంకోటి వేరేవాడికి ఇస్తే ఆ క్యాష్ ద్వారా లీకయ్యే అవకాశం ఉంది.

దానికి మందు, ఒక కోర్‌లోని రెండు థ్రెడ్లనీ ఏ సమయంలోనూ ఇద్దరు కస్టమర్లకి ఇవ్వకపోవడం. పెద్దవాళ్లు సొంతంగా చేసుకున్నారు. మామూలు లినక్స్‌లోకి "కోర్ షెడ్యూలింగ్" 5.14తో, 2021లో వచ్చింది. చిన్న ప్రొవైడర్ అది ఆన్ చేశాడా, హైపర్‌థ్రెడింగ్ ఆపేశాడా, ప్యాచులు వేసి ఊరుకున్నాడా అన్నది వాళ్లనే అడగాలి.

ర్యాక్_నంబర్_7

మేం ప్యాచులు వేసి ఊరుకున్నాం. హైపర్‌థ్రెడింగ్ ఆపితే 64 కాస్తా 32 అవుతుంది. ఆ రోజు మీటింగ్‌లో అందరూ సీలింగ్ వైపు చూశారు.

రూట్_రాజు

ఇదిగో, అందుకే డెడికేటెడ్ అంటున్నా. మొదటి రోజు నుంచీ.

పాత_కెర్నల్

రాజూ, "డెడికేటెడ్ వీసీపీయూ" కొనేటప్పుడు ఒక్క ప్రశ్న అడుగు: థ్రెడ్డా, కోరా? థ్రెడ్ అయితే అది నీదే, ఎవరూ లాక్కోరు, st సున్నా. కానీ ఆ కోర్‌లోని రెండో థ్రెడ్ వేరేవాడి చేతిలో ఉంటే, వాడు గట్టిగా పని చేసినప్పుడు నీ వేగం పడిపోతుంది. ఏ కౌంటరూ కదలదు. us మామూలుగానే ఉంటుంది, పని మాత్రం ఆలస్యం. స్టీల్ కనిపించే గోల, ఇది కనిపించని గోల. చివరి లెవెల్ క్యాష్, మెమరీ బ్యాండ్‌విడ్త్ కూడా అంతే.

ఒకసారి మా దగ్గర ఇలాగే అయింది. st 0, డిస్క్ బాగానే ఉంది, అయినా ఒక క్వెరీ వారంలో రెండు రోజులు 30 శాతం నెమ్మది. `perf stat`లో చూస్తే సైకిల్‌కి 1.6 ఇన్‌స్ట్రక్షన్లు నడిచేది ఆ రోజుల్లో 1.1కి పడిపోయేది. అదే కోడు, అదే డేటా. అదే సాకెట్ మీద ఇంకెవరో పెద్ద పెద్ద టేబుళ్లు స్కాన్ చేస్తూ క్యాష్ నుంచి మన డేటాని తోసేస్తున్నారు. ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లలో క్యాష్‌ని వాటాలు వేసి పంచే సదుపాయం ఉంది, లినక్స్‌లో `resctrl` ద్వారా వాడొచ్చు. కానీ అది ప్రొవైడర్ చేతిలో ఉంటుంది, మన చేతిలో కాదు. పైగా చాలా వీఎంలలో `perf`కి ఆ కౌంటర్లే కనిపించవు.

కుబేర్_కిట్టు

మరి పెద్ద క్లౌడ్‌లో st 0 ఎలా ఉంటుంది? వాళ్లు 250 అమ్మరా?

పాత_కెర్నల్

బర్స్టబుల్ కాని వాటిలో చాలావరకు అమ్మరు, కోర్లు నీకే కట్టేసి ఇస్తారు. ఇంకో చిక్కు ఉండేది. జెన్ హైపర్‌వైజర్ రోజుల్లో నెట్‌వర్క్, డిస్క్ పనులు చాలావరకు అదే మెషీన్ సీపీయూ మీద డామ్0 అనే ప్రత్యేక వీఎం చూసుకునేది. పక్కవాడు డిస్క్‌ని దంచితే ఆ పెద్దమనిషి అలిసిపోయేవాడు, మన ప్యాకెట్లు కూడా ఆగేవి. ఏడబ్ల్యూఎస్ 2017లో సీ5తో తెచ్చిన నైట్రోలో ఆ పని విడి కార్డులకి ఇచ్చేశారు, ప్రధాన ప్రాసెసర్ దాదాపు మొత్తం కస్టమర్‌కే. లాంబ్డా లాంటి వాటికి దారి వేరు. ఒక్కో ఫంక్షన్‌కి ఫైర్‌క్రాకర్ అనే బుల్లి వీఎం. 2018లో ఓపెన్‌సోర్స్ చేశారు, డిస్క్‌కీ నెట్‌వర్క్‌కీ టోకెన్ల లెక్కన హద్దు పెట్టే మీట అందులోనే ఉంది. అక్కడ సీపీయూని కావాలనే ఎక్కువమందికి పంచుతారు.

మందుల_బిల్లు

ఫలితాలు. మొన్న ఆదివారం రాత్రి 9:15, షాపులు బంద్, యాప్ కూడా ఆపేశాను: రెండు కాపీలూ 9.4 సెకన్లు. సోమవారం తెల్లవారుజాము 3:00: 6.1 సెకన్లు. నలభై నిమిషాలు తిప్పినా 6.0, 6.2 మధ్యే ఉంది, ఎక్కడా పడలేదు. నిద్ర మాత్రం పోయింది.

పాత_కెర్నల్

ఇప్పుడు కేసు ఉంది. 6.1 బై 9.4 అంటే 65 శాతం, అంటే మూడో వంతు పైగా పోతోంది. మీ యాప్ ఆగి ఉన్నా పోతోంది కాబట్టి అప్లికేషన్ చూసుకోమనడానికి లేదు. నలభై నిమిషాలు ఆగకుండా ఇచ్చారు కాబట్టి ఆ మేరకి హద్దు కూడా కాదు. కోపం వద్దు, ఈ రెండు అంకెలూ, లాగ్‌లోంచి ఒక గంట ముక్కా పెట్టి "వేరే హోస్ట్‌కి మార్చండి" అని ఒక్క వాక్యం అడగండి.

ర్యాక్_నంబర్_7

"హోస్ట్ మైగ్రేషన్" అన్న మాట తప్పకుండా వాడండి. అది చూస్తే టికెట్ మొదటి లెవెల్ దాటి పైకి వెళ్తుంది. రీబూట్ చేసి చూడమంటారు, దానివల్ల ఏమీ కాదు, అదే మెషీన్ మీద లేస్తుంది. పెద్ద క్లౌడ్‌లలో అయితే స్టాప్ చేసి స్టార్ట్ చేస్తే సాధారణంగా వేరే మెషీన్‌కి పోతుంది. లోకల్ డిస్క్ డేటా, ఫిక్స్ చేసుకోని ఐపీ రెండూ పోతాయి, గుర్తుంచుకోండి.

మందుల_బిల్లు

మొదట రీబూట్ చేయమన్నారు, నిజంగానే. మళ్లీ రాస్తే బుధవారం రాత్రి మార్చారు. అయిదు నిమిషాలు డౌన్. గురు, శుక్ర రాత్రులు st 2 నుంచి 5. టెస్ట్ 9:15కి 6.3 సెకన్లు. బిల్లు మామూలుగా అర సెకనే.

కానీ ఒక్క విషయం. ఇంకా రాత్రి పూట అప్పుడప్పుడు ఒక అర నిమిషం పాటు అన్ని షాపులకీ బిల్లు 3, 4 సెకన్లు అవుతోంది. అప్పుడు st 3 మాత్రమే. us 95. కొత్త పక్కవాడా?

అమీర్‌పేట_అను

us 95 అంటే పక్కవాడు కాదు, మీ ఇంట్లోవాడే. 60 షాపులకీ ఒకే డేటాబేస్ అన్నారు కదా? `pg_stat_statements` ఉందా? ఎక్కువ సమయం తిన్న క్వెరీ ఏదో చూసి, ఏ షాపుదో లాగ్‌లో వెతకండి.

మందుల_బిల్లు

దొరికింది, సిగ్గుగా ఉంది. ఒక హోల్‌సేల్ షాపు. రోజు చివర స్టాక్ రిపోర్ట్ తెరుస్తారు. అది మూడేళ్ల బిల్లులన్నీ కూడి చూపిస్తుంది, 25 సెకన్లు. రావట్లేదని మళ్లీ రిఫ్రెష్ కొడతారు, పాత క్వెరీ లోపల నడుస్తూనే ఉంటుంది. రెండు సార్లు కొడితే రెండు వీసీపీయూలూ అయిపోయాయి, మిగతా 59 షాపులు క్యూలో. పైగా "చేతిరాత నయం" అని ఫోన్ చేసింది ఈయనే.

స్టీలు_సామాను

నెల రోజులుగా పక్కవాడి కోసం వెతికి, అద్దంలో చూసుకున్నట్టుంది.

అమీర్‌పేట_అను

రిపోర్టులకి వేరే డేటాబేస్ యూజర్ పెట్టండి. కనెక్షన్లు మొత్తం మీద రెండే, ఒక్కో షాపుకి ఒకటి. దానికి మాత్రమే టైమవుట్:

```
ALTER ROLE report_user CONNECTION LIMIT 2;
ALTER ROLE report_user SET statement_timeout = '40s';
```

షాపుకి ఒకటే అన్న నియమం యాప్‌లో రాసుకోవాలి, పోస్ట్‌గ్రెస్‌కి మీ షాపులు తెలియవు. ఆ తర్వాత రోజువారీ మొత్తాలు ముందే కూడి పెట్టుకునే టేబుల్ ఒకటి చేయండి, 25 సెకన్ల పని ఉండదు.

రూట్_రాజు

ఆ ఒక్క షాపుకి వేరే వీఎం ఇచ్చేయ్. డెడికేటెడ్.

ర్యాక్_నంబర్_7

ఇస్తే ఆయన దగ్గర ఎక్కువ తీసుకోవాలి, లేకపోతే మిగతా 59 మంది డబ్బుతో ఆయన్ని మోసినట్టు. మా కంపెనీలో ఈ వాదన ఏనాడూ తేలలేదు.

మందుల_బిల్లు

ఆయన ఇచ్చేదే నెలకి మిగతావాళ్లంత, అది కూడా రెండు నెలలు బాకీ. ప్రస్తుతానికి అను గారు చెప్పిన రెండు లైన్లూ వేశాను. నిన్న రాత్రి 9:40కి ఆయన రిఫ్రెష్ కొట్టినట్టు లాగ్‌లో ఉంది, నాలుగు సార్లు. మొదటిది నడిచింది, మిగతా మూడూ యాప్ వెనక్కి పంపింది. పక్క షాపులో బిల్లు 0.7 సెకను. ఆయన నుంచి ఇంకా ఫోన్ రాలేదు.

st మాత్రం నిన్న 9కి 8 చూపించింది. కొత్త మెషీన్ కూడా నిండుతోందేమో. లాగ్ ఆపట్లేదు.